సిగ్నల్ పోయిన మొదటి గంట: సిమ్ స్వాప్ జరిగితే ఏం చేయాలి, ఏది ముందు చేయాలి

"ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది. సిమ్ స్వాప్ అయిందో, మామూలు నెట్‌వర్క్ సమస్యో ఎలా తెలుస్తుంది?" "ముందు బ్యాంకుకి ఫోన్ చేయాలా, సిమ్ కంపెనీకా, పోలీసులకా?" ఈ రెండు ప్రశ్నలూ తిప్పి తిప్పి అడుగుతూనే ఉన్నారు. రెండోదానికి చాలామంది చెప్పే జవాబు "ముందు షోరూంకి పరిగెత్తు" అని. నా లెక్కలో అది తప్పు. ఎందుకో కింద వస్తుంది.

ఇది ఇండియా నంబర్లు వాడేవాళ్ల కోసం రాసింది. విదేశాల్లో ఉంటూ ఇక్కడి నంబరు బతికించుకుంటున్నవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను.

జరిగేదేంటి, రెండు ముక్కల్లో

దొంగ మీ ఫోన్‌ని ముట్టుకోడు. మీ నంబరు మీద ఇంకో సిమ్‌గానీ ఈ-సిమ్‌గానీ తీసుకుంటాడు. అది యాక్టివేట్ కాగానే మీ చేతిలో ఉన్న సిమ్ చచ్చిపోతుంది. అక్కడినుంచి మీకు రావాల్సిన కాల్స్, ఓటీపీలు అన్నీ వాడికే.

దీనికి వాడు పెద్ద హ్యాకర్ కానక్కర్లేదు. 2024 జనవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఎక్స్ ఖాతాను ఇలాగే పట్టేశారు. ఒకతను దొంగ ఐడీ కార్డు ముద్రించుకుని అలబామాలో ఒక ఫోన్ షాపుకి వెళ్లి సిమ్ తీసుకున్నాడు, అంతే. మన దగ్గర ఎక్కువగా రెండు దారులు. ఒకటి, మీ ఆధార్ కాపీతోనో దుకాణంలో తెలిసినవాడి సాయంతోనో డూప్లికేట్ సిమ్ తీసుకోవడం. రెండోది, కస్టమర్ కేర్ అని చెప్పి "5జీకి మారుస్తున్నాం, ఒక మెసేజ్ వస్తుంది, దానికి రిప్లై ఇవ్వండి" అంటూ ఈ-సిమ్ మార్పుకి మీ చేతే ఒప్పుకోలు చెప్పించడం.

ఒక విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. సిమ్ ఒక్కటే చేతికొస్తే డబ్బు రాదు. నెట్ బ్యాంకింగ్‌కి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కావాలి, యూపీఐ పిన్ కొత్తగా పెట్టాలంటే డెబిట్ కార్డు వివరాలో ఆధారో కావాలి. అవి వాడు ఏ దొంగ కేవైసీ లింకు ద్వారానో ముందే లాగి ఉంటాడు. సిమ్ మార్చడం వాడికి దాదాపు ఆఖరి మెట్టు. అందుకే "నా పాస్‌వర్డ్ వాడికేం తెలుసులే" అనుకుని తీరిగ్గా కూర్చోవద్దు.

మీకు అనుకూలంగా ఉన్న ఒక రూలు

సిమ్ మారిస్తే ఆ నంబరుకి 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావడం, పోవడం రెండూ ఆపాలని టెలికాం శాఖ 2022 నవంబరులో కంపెనీలన్నింటికీ చెప్పింది. అది సరిగ్గా అమలైతే దొంగ చేతిలో సిమ్ ఉన్నా మొదటి రోజు ఎస్ఎంఎస్ ఓటీపీ వాడికి రాదు. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో రిజిస్టర్ కావాలంటే ఆ సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి కాబట్టి అదీ కుదరదు.

మరి ఇంత హడావుడి దేనికి? కాల్స్ ఆగవు కాబట్టి. కోడ్‌ని ఫోన్ చేసి చదివి వినిపించే సేవలు చాలా ఉన్నాయి, వాట్సాప్ కూడా అందులో ఒకటి. వాట్సాప్ చేతికొస్తే మీ బంధువులను డబ్బు అడగడం మొదలవుతుంది. పైగా ఆ 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో మీకు తెలియదు. రాత్రి పదింటికి సిమ్ మారితే, మీరు పొద్దున్నే చూసుకుని "మధ్యాహ్నం చూద్దాం" అనుకుంటే, ఆ రాత్రికి గడువు తీరిపోతుంది. శనివారం సాయంత్రాలు, పండగ ముందు రోజులు దొంగలకు ఇష్టం కావడానికి కారణం ఇదే. షోరూంలు, బ్యాంకు బ్రాంచీలు మూతపడి ఉంటాయి.

దగ్గర ఉండాల్సినవి

- ఇంకో ఫోన్. ఇంట్లోవాళ్లదైనా, పక్కింటివాళ్లదైనా సరే. మీ సిమ్ కంపెనీదే అయితే మరీ మంచిది, సిమ్ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి నేరుగా కలుస్తుంది.
- వైఫై. మీ ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా వైఫై మీద ఈమెయిల్, యాప్‌లు పనిచేస్తాయి. లేకపోతే ఆ రెండో ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెట్టుకోండి.
- డెబిట్ కార్డు, పాస్‌బుక్. ఖాతా నంబరు, బ్యాంకు టోల్‌ఫ్రీ నంబరు రెండూ వీటి మీదే ఉంటాయి.
- కాగితం, పెన్ను. ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారు, కంప్లైంట్ నంబరు ఎంత అన్నది ప్రతి కాల్‌కీ రాసుకోవాలి. తర్వాత డబ్బు వెనక్కి రావడం ఈ కాగితం మీదే ఆధారపడొచ్చు.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. కంగారులో ఉన్నవాళ్ల కోసమే దొంగ నంబర్లు అక్కడ పెట్టి ఉంచుతారు. కార్డు వెనకున్న నంబరు, లేదా కంపెనీ సొంత వెబ్‌సైట్ అడ్రసు టైప్ చేసి తీసుకున్న నంబరు మాత్రమే వాడండి.

ఇక అడుగులు. అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో బట్టల షాపు. శనివారం సాయంత్రం 6:40కి యజమాని ఫోన్‌లో సిగ్నల్ పోయింది, "Emergency calls only" అని చూపిస్తోంది. భార్య ఇంట్లో ఉంది.

1. స్వాపేనా కాదా: ఐదు నిమిషాల్లో తేల్చండి

ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేయండి. సిగ్నల్ రాకపోతే ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. పక్కన అదే కంపెనీ సిమ్ ఉన్నవాళ్లకు సిగ్నల్ ఉందా అడగండి. వాళ్లకూ లేకపోతే చాలావరకు టవర్ సమస్యే. ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ అయిపోయిందేమో గుర్తుచేసుకోండి, కానీ రీచార్జ్ అయిపోతే సిగ్నల్ గీతలు మాయం కావు, కాల్స్ మాత్రమే ఆగుతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకి కాల్ చేయండి.

- మీ ఫోన్ చచ్చి ఉండగా అవతల రింగ్ వినిపిస్తే, మీ నంబరు ఇంకెక్కడో బతికుంది. ఇంకేం ఆలోచించొద్దు, రెండో అడుక్కి వెళ్లండి. ముందు కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకుని ఉంటే అప్పుడూ రింగ్ వినిపిస్తుంది, అది మాత్రం చూసుకోండి.
- "స్విచాఫ్" అనో "అందుబాటులో లేదు" అనో వస్తే ఏమీ తేలనట్టే. దొంగ సిమ్‌ని ఆపి పెట్టి ఉండొచ్చు. పక్కవాళ్లకు సిగ్నల్ ఉండి మీకు లేకపోతే, స్వాప్ అనుకునే ముందుకెళ్లండి.
- వాట్సాప్ తెరిస్తే మీ నంబరు ఈ ఫోన్‌లో రిజిస్టర్ అయి లేదని చూపిస్తే, అనుమానమే అక్కర్లేదు.

ఎవరైనా ఎత్తితే వాడితో గొడవ పెట్టుకోవద్దు. కట్ చేసి టైం రాసుకోండి. మీకు తెలిసిపోయిందని వాడికి తెలిస్తే తొందరపడతాడు.

మన షాపు యజమాని పక్క షాపు ఫోన్ నుంచి కాల్ చేశాడు. రింగయింది, ఎవరూ ఎత్తలేదు. టైం 6:46.

పాత మెసేజ్‌లు కూడా ఒకసారి చూడండి. "మీ సిమ్ మార్పు రిక్వెస్ట్ అందింది" అని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చి ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇలాంటి మెసేజ్ సిగ్నల్ ఉండగానే వస్తే వదిలేయకూడదు. "మీరు అడగకపోతే ఇలా రిప్లై ఇవ్వండి" అని అందులోనే ఉంటుంది, వెంటనే అలా చేయాలి. ఇంకో పాత ఎత్తు, వరసపెట్టి బ్లాంక్ కాల్స్ చేసి మీరు విసుగొచ్చి ఫోన్ స్విచాఫ్ చేసుకునేలా చేయడం. అలా చేస్తే సిగ్నల్ పోయిన సంగతి మీకు తెలియదు. విసుగొస్తే సైలెంట్‌లో పెట్టండి, స్విచాఫ్ మాత్రం వద్దు.

2. ఎవరికి ముందు: డబ్బు పోయిందా లేదా చూసి తేల్చుకోండి

వైఫై మీద బ్యాంకు నుంచి వచ్చిన ఈమెయిల్స్ చూడండి. డబ్బు పోయినట్టు ఉంటే ముందు పోలీసుల సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత సిమ్ కంపెనీ. డబ్బు పోయిన జాడ లేకపోతే ముందు సిమ్ కంపెనీ, తర్వాత బ్యాంకు. ఎందుకంటే నంబరు ఆగిపోతే బ్యాంకు, ఈమెయిల్, వాట్సాప్ అన్నిటికీ ఒకేసారి తలుపు మూసినట్టే.

ఇద్దరుంటే ఈ ప్రశ్నే లేదు, పని పంచుకోండి. మన ఉదాహరణలో ఆయన పక్క షాపు ఫోన్ నుంచి ఇంటికి చేశాడు. "నా సిమ్ ఎవరో మార్చేశారు. నేను సిమ్ కంపెనీతో మాట్లాడతా. నువ్వు పాస్‌బుక్ తీసి బ్యాంకుకి చెయ్యి, ఖాతా మొత్తం ఆపమను." బ్యాంకు వాళ్లు ఖాతాదారుతోనే మాట్లాడతామంటారని ఆమెకు తెలుసు. "మీరు ఆ కాల్ అవగానే నాకు చేయండి, కాన్ఫరెన్స్ కలుపుతా" అంది. అది మంచి ఆలోచన. ఈలోపు ఆమె ఐవీఆర్ఎస్‌లో, అంటే అంకెలు నొక్కే రికార్డెడ్ మెనూలో, కార్డు బ్లాక్ చేసేస్తుంది, ఆ పనికి మనిషితో మాట్లాడక్కర్లేదు.

3. సిమ్ కంపెనీ: మాట ఇలా చెప్పండి

అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ దొరికితే 198కి చేయండి. వేరే కంపెనీ ఫోన్ అయితే మీ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు కావాలి. "సిగ్నల్ రావట్లేదు" అని మొదలుపెట్టకండి. అలా అంటే వాళ్లు నెట్‌వర్క్ కంప్లైంట్ రాసుకుని "48 గంటల్లో సరిచేస్తాం" అంటారు. ఈ తప్పు చాలామంది చేస్తారు. మొదటి వాక్యమే ఇలా ఉండాలి:

"నా నంబరు మీద నాకు తెలియకుండా సిమ్ మార్చారు. ఇది మోసం. వెంటనే నంబరుని రెండు వైపులా బ్లాక్ చేయండి, కాల్స్, ఎస్ఎంఎస్ అన్నీ."

పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఆఖరి రీచార్జ్ ఎంత వంటివి అడుగుతారు. చెప్పండి. ఓటీపీ మాత్రం ఏ కాల్‌లోనూ చెప్పాల్సిన పని ఉండదు. బ్లాక్ అయ్యాక మూడు విషయాలు అడిగి రాసుకోండి: సిమ్ మార్పు ఏ రోజు ఎన్ని గంటలకు జరిగింది, షాపులోనా ఆన్‌లైన్‌లోనా, మీ కంప్లైంట్ నంబరెంత. మొదటి రెండూ చెప్పకపోవచ్చు, అయినా అడగండి.

సరిగ్గా బ్లాక్ అయిందో లేదో చూడటం తేలికే. ఐదు నిమిషాలాగి ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకి మళ్లీ కాల్ చేయండి. ఇందాక రింగయింది ఇప్పుడు అవకూడదు. ఇంకా రింగవుతుంటే మళ్లీ కాల్ చేసి సూపర్‌వైజర్‌ని అడగండి.

ఇప్పుడు షోరూం సంగతి. కాల్ చేయకుండా షోరూంకి బయలుదేరితే ట్రాఫిక్, టోకెన్, క్యూ, అన్నీ కలిపి గంట అక్కడే పోతుంది. ఆ గంటంతా నంబరు దొంగ దగ్గరే ఉంటుంది. బ్లాక్ చేయించాకే వెళ్లండి.

4. బ్యాంకు: కార్డు బ్లాక్ చేస్తే చాలదు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడి పొరపాటు వల్లే. చాలామంది ఫోన్ చేసి "నా ఏటీఎం కార్డు బ్లాక్ చేయండి" అంటారు. వాళ్లు చేస్తారు. కానీ కార్డు ఆగినా నెట్ బ్యాంకింగ్ ఆగదు. ఈ మోసంలో డబ్బు ఎక్కువగా వెళ్లే దారి అదే.

మీరు అడగాల్సిన మాట "డెబిట్ ఫ్రీజ్". అంటే ఖాతాలోకి డబ్బు రావచ్చు, ఏ దారినా బయటికి పోకూడదు. దాంతో పాటు నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, మొబైల్ బ్యాంకింగ్, యూపీఐ మూడూ ఆపమనండి. ఫోన్‌లో డెబిట్ ఫ్రీజ్ కుదరదు, బ్రాంచికి రావాలి అంటే ఆ మూడూ విడివిడిగా ఆపించండి, చివర్లో "ఇప్పుడు నా ఖాతా నుంచి డబ్బు బయటికి పోయే దారి ఇంకేమైనా మిగిలిందా?" అని అడగండి. ఆ ప్రశ్నకి అవతలివాళ్లు స్క్రీన్ చూసి చెప్పక తప్పదు.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పనిసరిగా వేయండి. ఒకటి, ఇవాళ కొత్తగా ఎవరినైనా బెనిఫిషియరీగా చేర్చారా? రెండోది, నా ఎఫ్‌డీలు అలాగే ఉన్నాయా, నా పేరు మీద కొత్త లోన్ ఏదైనా శాంక్షన్ అయిందా? సేవింగ్స్‌లో వేలు మాత్రమే ఉన్నా నెట్ బ్యాంకింగ్ చేతికొచ్చినవాడు ఎఫ్‌డీ పగలగొట్టగలడు, ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంటే నొక్కేయగలడు. "ఖాతాలో ఏముంది, పోతే పోనీ" అనేవాళ్లు ఇది మర్చిపోతారు.

ఆ నంబరుతో ముడిపడిన ప్రతి బ్యాంకుకీ ఇదంతా చేయాలి. డబ్బు ఎక్కువున్న ఖాతాతో మొదలుపెట్టండి. క్రెడిట్ కార్డు, డీమ్యాట్, వాలెట్లు ఆ తర్వాత.

చెక్ చేసుకోవడం ఎలా? పది నిమిషాలాగి మళ్లీ ఫోన్ చేయండి. ఈసారి ఇంకో ఏజెంట్ దొరుకుతారు. "నా ఖాతా స్టేటస్ ఏంటి?" అని మాత్రమే అడగండి. ఫ్రీజ్ అయిందని వాళ్లంతట వాళ్లే చెబితే పని అయినట్టు. మీ ఫోన్‌లో యూపీఐ నుంచి రూపాయి పంపి చూస్తే సరిపోతుందనుకోవద్దు. సిమ్ పోయిన ఫోన్‌లో యూపీఐ ఎలాగూ మొరాయించవచ్చు, దాన్నిబట్టి ఫ్రీజ్ అయిందని చెప్పలేం.

మన ఉదాహరణలో టైం 7:12. నంబరు ఆగింది, పెద్ద ఖాతా ఆగింది. కానీ ఈమెయిల్‌లో 6:58కి 49,000 రూపాయలు వెళ్లినట్టు అలర్ట్ ఉంది. ఎస్ఎంఎస్ ఆగి ఉన్నా ఎలా? కారణాలు వేరే ఉండొచ్చు: కొన్ని సైట్లలో కార్డుతో ఓటీపీ లేకుండా జరిగే కొనుగోళ్లు ఉంటాయి, ఎస్ఎంఎస్ నిలుపుదల సరిగ్గా పడని సందర్భాలూ ఉంటాయి. కారణం వెతకడం ఇప్పటి పని కాదు.

5. 1930: మీ నంబరు చెప్పొద్దు

డబ్బు ఒక్క రూపాయి పోయినా 1930కి చేయండి. దేశమంతా ఒకటే నంబరు, మీ రాష్ట్ర పోలీసులే ఎత్తుతారు. వాళ్లు వివరాలు ఎక్కించగానే అది డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే హోల్డ్‌లో పెడతారు. వేరే బ్యాంకుకి దాటిపోతే కంప్లైంట్ కూడా దాని వెనకే వెళ్తుంది. డబ్బు నాలుగైదు ఖాతాలు దాటి ఏటీఎంలో నోట్లుగా మారిపోయాక మాత్రం పట్టుకోవడం కష్టం. మొదటి గంట అని గింజుకోవడం దీనికే.

అడిగేవి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ట్రాన్సాక్షన్ నంబరు. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే ఇది 12 అంకెలు ఉంటుంది. బ్యాంకు ఈమెయిల్‌లో ఉంటుంది, లేకపోతే నాలుగో అడుగులో బ్యాంకు ఏజెంట్‌ని అడిగి రాసుకోండి. ప్రతి ట్రాన్సాక్షన్‌నీ విడిగా చెప్పాలి. మూడు పోతే మూడూ.

ఇక్కడే జాగ్రత్త. "మీ మొబైల్ నంబర్?" అనగానే అలవాటుగా మన నంబరే చెప్పేస్తాం. కంప్లైంట్ నంబరు మెసేజ్ దానికే వస్తుంది. cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తిచేయాలన్నా ఓటీపీ దానికే వస్తుంది. మీ సిమ్ మీ దగ్గర లేదు కదా. ఇంట్లోవాళ్ల నంబరు ఇవ్వండి, అపహరణకు గురైన నంబరు ఇదీ అని విడిగా రాయించండి.

1930 కలవకపోతే పదిసార్లు రీడయల్ చేస్తూ కూర్చోకుండా ఒకరు నేరుగా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి, ఇంకొకరు కాల్ ప్రయత్నిస్తూ ఉండండి. ఏదీ కుదరకపోతే దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు.

పని అయిందనడానికి గుర్తు ఒక్కటే, చేతిలో కంప్లైంట్ నంబరు ఉండటం. "నోట్ చేసుకున్నాం" అన్న మాట చాలదు.

6. ఈమెయిల్, వాట్సాప్

మీ ఫోన్‌లో జీమెయిల్ ఇంకా లాగిన్ అయ్యే ఉంటుంది, అది మీ బలం. వైఫై మీద myaccount.google.com తెరిచి సెక్యూరిటీలోకి వెళ్లండి. ముందు పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత మీకు తెలియని డివైస్ ఉంటే సైన్ అవుట్ చేయండి. ఆ తర్వాత రికవరీ ఫోన్‌గా ఉన్న మీ నంబరు తీసేసి ఇంట్లోవాళ్లది పెట్టండి. అయితే నంబరు మార్చినా పాత నంబరుకి కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇంకో 7 రోజుల వరకు ఇవ్వొచ్చు. మూడో అడుగు సరిగ్గా పడకుండా ఈ అడుగు ఒక్కటే నిలవదని అందుకే అంటున్నాను. చివరగా జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. బ్యాంకు మెయిల్స్ కనపడకుండా నేరుగా ట్రాష్‌కి పోయేలా ఫిల్టర్ పెట్టి ఉంటే తీసేయండి.

వాట్సాప్ లాగౌట్ అయిపోయి ఉంటే మళ్లీ లాగిన్ కాలేరు, కోడ్ దొంగకే వెళ్తుంది. support@whatsapp.com కి "Lost/Stolen: Please deactivate my account" అని రాసి, నంబరు +91 తో కలిపి పంపండి. మీరు ముందే టూ-స్టెప్ పిన్ పెట్టుకుని ఉంటే ఆ పిన్ లేకుండా వాడు 7 రోజుల వరకు లోపలికి రాలేడు, ఊపిరి పీల్చుకోవచ్చు. ఎలా ఉన్నా, ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ఫ్యామిలీ గ్రూపుల్లో "నా నంబరు నుంచి డబ్బు అడిగితే పంపొద్దు" అని పెట్టించండి.

7. కొత్త సిమ్, దానితో వచ్చే ఒక చిక్కు

ఇప్పుడు షోరూంకి వెళ్లండి. ఒరిజినల్ ఆధార్, పాత సిమ్, కంప్లైంట్ నంబరు తీసుకెళ్లండి. మీ నంబరు మీద అంతకుముందు యాక్టివేట్ అయిన సిమ్, ఈ-సిమ్ రెండూ రద్దయ్యాయని అడిగి తేల్చుకోండి. సిమ్ మార్పు వివరాలు కావాలని రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

చిక్కేంటంటే, ఇందాక మీకు మేలు చేసిన 24 గంటల రూలు ఇప్పుడు మీకూ వర్తిస్తుంది. మీ కొత్త సిమ్‌కీ ఒక రోజు ఎస్ఎంఎస్‌లు రావు. ఓటీపీ రాకపోతే "మళ్లీ స్వాప్ అయిందా" అని టెన్షన్ పడొద్దు, కాల్స్ వస్తున్నాయంటే సిమ్ మీదే. కానీ ఆ రోజంతా ఓటీపీతో చేసే పనులు ఆగిపోతాయి. బ్యాంకు ఫ్రీజ్ తీయించే తొందర పెట్టుకోవద్దు, ఎస్ఎంఎస్‌లు రావడం మొదలయ్యాక, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాకే తీయించండి. కోపంతో వేరే కంపెనీకి పోర్ట్ కావాలనుకున్నా కుదరదు. సిమ్ మార్చాక 7 రోజుల వరకు పోర్టింగ్ కోడ్ ఇవ్వకూడదని 2024 జులై 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు ఉంది.

ఎస్ఎంఎస్‌లు వచ్చాక sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూసి, మీవి కానివి రిపోర్ట్ చేయండి. మొదటి గంటలో దీని జోలికి వెళ్లొద్దు, అక్కడా లాగిన్‌కి ఓటీపీ కావాలి.

8. రాతలో పెట్టడం

ఫోన్ మీద చెప్పినది బ్యాంకుకి రాతలో కూడా ఇవ్వండి, అదే రాత్రి ఈమెయిల్ చేయండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో మనిషిదైతే, 3 పని దినాల్లోపు చెబితే మీ మీద నష్టం పడకూడదు. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాలో మీరు భరించాల్సింది గరిష్ఠంగా 10,000 రూపాయలు. చెప్పిన 10 పని దినాల్లోపు ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. తప్పు మీదేనని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే.

మీరే ఓటీపీనో పాస్‌వర్డో చెప్పి ఉంటే లెక్క మారుతుంది. మోసం సంగతి బ్యాంకుకి చెప్పేవరకు పోయినదాని నష్టం మీది, చెప్పాక పోయినదాని నష్టం బ్యాంకుది. అందుకే మొదటి కాల్ చేసిన టైం అంత విలువైనది.

లేఖలో ఈ మాటలు తప్పక రాయండి: సిగ్నల్ పోయిన టైం, సిమ్ కంపెనీ కంప్లైంట్ నంబరు, బ్యాంకుకి మొదట ఫోన్ చేసిన టైం, 1930 నంబరు, ఆ సమయంలో సిమ్ మీ దగ్గర పనిచేయలేదు కాబట్టి ఎస్ఎంఎస్ అలర్ట్‌లు మీకు అందలేదని. "మీకు మెసేజ్ పంపాం కదా" అన్నది బ్యాంకు మొదటి వాదన అవుతుంది, దానికి జవాబు ముందే రాసిపెట్టినట్టు. 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. సిమ్ కంపెనీ నిర్లక్ష్యం మీద పరిహారం అడగాలంటే ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద రాష్ట్ర అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ఉంటారు, 5 కోట్ల రూపాయల వరకు క్లెయిములు అక్కడే వింటారు. అప్పుడు షోరూంలో స్టాంపు వేయించుకున్న దరఖాస్తు పనికొస్తుంది.

హోల్డ్‌లో పడిన డబ్బు మాత్రం మర్నాడే రాదు. కోర్టు ఉత్తర్వు కావాల్సి రావొచ్చు. తెలంగాణలో ఇలాంటి డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి తిరిగి ఇప్పించారు, మీ కేసు చూసే పోలీసు అధికారిని ఆ దారి గురించి అడగండి.

ముందే చేసిపెట్టుకుంటే పనికొచ్చేవి

బ్యాంకు అలర్ట్‌లు ఎస్ఎంఎస్‌తో పాటు ఈమెయిల్‌కీ వచ్చేలా పెట్టుకోండి. పై ఉదాహరణలో డబ్బు పోయిన సంగతి తెలిసింది దానివల్లే. వాట్సాప్‌కి టూ-స్టెప్ పిన్, జీమెయిల్‌కి ఎస్ఎంఎస్ కోడ్ బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. మీ సిమ్ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు ఇంట్లోవాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించండి. సిమ్ పిన్ పెట్టుకున్నాం కాబట్టి భయం లేదని కొందరు అంటారు. అది ఫోన్ పోయినప్పుడు మీ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయకుండా ఆపుతుంది, అంతే. కొత్త సిమ్ ఇచ్చేటప్పుడు పాత సిమ్ పిన్ ఎవరూ అడగరు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

మీ సమస్య వేరు. ఇండియా సిమ్ సొరుగులో ఉంటుంది, ఓటీపీ కావాల్సినప్పుడే ఫోన్‌లో వేస్తారు. స్వాప్ అయితే మీకు వారాల తరబడి తెలియదు, 24 గంటల రూలు మీకు ఏమాత్రం సాయపడదు. ఎన్నారై ఖాతాలకు వీలైతే మీరున్న దేశపు నంబరునే రిజిస్టర్ చేయించండి, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. లేదా ఆ సిమ్‌ని రోమింగ్‌తో రెండో స్లాట్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. మోసం జరిగితే అక్కడినుంచి 1930 కలుస్తుందని నమ్ముకోవద్దు. ఇక్కడున్న అమ్మానాన్నలో అన్నదమ్ములో మీ తరఫున కాల్ చేయాలి, కాబట్టి ఖాతా నంబర్లు వాళ్ల దగ్గర ముందే రాసి ఉంచండి. మీరు అదే సమయంలో బ్యాంకు ఎన్నారై హెల్ప్‌లైన్‌కి చేయండి. అమెరికా నంబర్ల విషయానికొస్తే, అక్కడి పెద్ద కంపెనీలు సిమ్ మార్పును, పోర్టింగ్‌ను ఆపే లాక్‌ని యాప్‌లోనే ఉచితంగా ఇస్తున్నాయి. ఆన్ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, ఫోన్ మార్చేటప్పుడు తీసి మళ్లీ పెట్టుకోవాలి.